మంగు మచ్చలు క్రీముతో పోతున్నాయి, ఆపితే ఇంకా నల్లగా వస్తున్నాయి

"నాకు 37 ఏళ్ళు. గుంటూరులో మావారూ నేనూ టిఫిన్ సెంటర్ నడుపుతాం. రెండో బాబు కడుపులో ఉన్నప్పుడు బుగ్గల మీద మంగు వచ్చింది. తర్వాత కొంచెం తగ్గింది గానీ ఈ రెండేళ్ళలో నుదుటి మీదకి కూడా పాకింది. మెడికల్ షాపులో ఒక ట్యూబు ఇచ్చారు, మూడు వారాల్లో ముఖం తెల్లగా అయిపోయింది. ఆపితే మళ్ళీ వచ్చింది, ఇంకా నల్లగా. ఏడాదిన్నరగా ఇలా ఆపుతూ వాడుతూ ఉన్నాను. ఇప్పుడు పొయ్యి దగ్గర నిలబడితే ముఖం మండిపోతోంది. నెలసరి సరిగా రావడం లేదని డాక్టరమ్మ గర్భనిరోధక మాత్రలు రాశారు, అవీ రెండేళ్ళుగా వేసుకుంటున్నాను. లివర్ చెడితేనే మంగు వస్తుందని మా అత్తగారు అంటారు. పార్లర్‌లో ఆరు సిట్టింగుల లేజర్‌తో పూర్తిగా పోతుందంటున్నారు. చేయించుకోమంటారా? అసలిది ఎప్పటికైనా పోతుందా?"
— ఒక పాఠకురాలు, గుంటూరు

లేజర్ వద్దండీ. ఆ ట్యూబు కూడా వద్దు, కానీ దాన్ని రేపు పొద్దున్నే చెత్తబుట్టలో పడేయకండి, దానికో పద్ధతి ఉంది. ముందు ట్యూబు సంగతే మాట్లాడుకుందాం, ఎందుకంటే మీ ముఖం మీద ఇప్పుడు మంగు ఒక్కటే లేదు, మంగుతో పాటు క్రీము చేసిన గాయం కూడా ఉన్నట్టుంది.

ట్యూబు తీసి వెనకవైపు సన్న అక్షరాలు చదవండి, లేదా పిల్లల చేత చదివించండి. హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, వాటి పక్కనే మోమెటాసోన్ అని ఉంటుందని నా అనుమానం. మోమెటాసోన్ కాకపోతే బెటామెథాసోన్, క్లోబెటాసోల్ లాంటి పేరేదో ఉంటుంది. ఈ చివరి మందు స్టెరాయిడ్. హైడ్రోక్వినోన్ చర్మంలో రంగు తయారీని తగ్గిస్తుంది, ట్రెటినోయిన్ పైపొర త్వరగా మారేలా చేస్తుంది, స్టెరాయిడ్ ఎరుపునీ మంటనీ అణచిపెట్టి ముఖం ఒక్కసారిగా తెల్లబడినట్టు చూపిస్తుంది. మూడు వారాల్లో మీకు కనబడిన మెరుపులో చాలా భాగం దానిదే. ఈ మూడు మందుల కలయిక తప్పుడు మందేమీ కాదు, చర్మవైద్యులే రాస్తారు, కాకపోతే తేలికపాటి స్టెరాయిడ్ ఉన్న రకం ఎంచుకుని, రాత్రిపూట మాత్రమే, రెండు మూడు నెలలు, మధ్యలో పిలిచి చూస్తూ వాడిస్తారు. ఏడాదిన్నర వాడే మందు కాదది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు చాలావాటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని చెప్పింది, అయినా "మంగుకి ఏదైనా ఇవ్వండి" అంటే కౌంటర్ మీదకి ముందు వచ్చేది ఇప్పటికీ ఇదే.

ఎక్కువ కాలం రాస్తే చర్మం పలచబడుతుంది. సన్నటి ఎర్ర రక్తనాళాలు పైకి కనబడతాయి, బుగ్గల మీద నూగు పెరుగుతుంది, అన్నీ ఒకే సైజులో చిన్న చిన్న మొటిమలు లేస్తాయి, ఎండకీ వేడికీ కారం ఘాటుకీ ముఖం భగ్గుమంటుంది. పొయ్యి దగ్గర మండుతోందని మీరు రాసింది చదవగానే నాకు తట్టింది ఇదే. పగటి వెలుతురులో కిటికీ దగ్గర నిలబడి అద్దంలో బుగ్గలని దగ్గరగా చూసుకోండి. గోధుమరంగు మచ్చ మధ్యలో ఎర్ర గీతలు సాలెగూడు పోగుల్లా కనిపిస్తే అది క్రీము పనే.

అలాంటి ముఖానికి ఒక్కసారిగా క్రీము ఆపితే రెండు మూడు రోజుల్లో ఎర్రగా పొంగి, దురద, మంట మొదలవుతాయి. అందరూ అక్కడే భయపడి మళ్ళీ రాస్తారు, రాస్తే హాయిగా ఉంటుంది, దాంతో ఇక ఆ ట్యూబు లేకుండా గడవదు. "క్రీము నాకు పడింది, ఆపితేనే పడడం లేదు" అని చెప్పేవాళ్ళు చాలామంది ఇలా చిక్కుకున్నవాళ్ళే. పైగా పొంగిన ప్రతిసారీ మన రంగు చర్మం ఇంకాస్త నల్ల మచ్చని వదిలిపెడుతుంది, అందుకే మీకు ప్రతిసారీ ముందుకంటే నల్లగా వస్తోంది. కాబట్టి ట్యూబు పట్టుకుని చర్మవైద్యుల దగ్గరికి వెళ్ళండి. తక్కువ శక్తి ఉన్న స్టెరాయిడ్‌కి మార్చి మెల్లగా తగ్గిస్తారో, టాక్రోలిమస్ లాంటి స్టెరాయిడ్ కాని పూతమందు ఇస్తారో చూసి నిర్ణయిస్తారు. ఈలోపు వాసన లేని సాదా మాయిశ్చరైజర్, సబ్బుకి బదులు మెత్తటి ఫేస్‌వాష్, అంతే. నిమ్మరసం, బంగాళాదుంప రసం, టూత్‌పేస్టు, బ్లీచ్, ఇవేవీ ముఖం దగ్గరకి రానివ్వకండి. ముఖం చల్లబడడానికి నెల పట్టొచ్చు, రెండు మూడు నెలలైనా పట్టొచ్చు. అప్పటిదాకా మంగుకి గట్టి మందు మొదలుపెట్టరు. మంగు అలాగే ఉందే, డాక్టరు ఏమీ చేయడం లేదే అని ఈ దశలో విసుగొచ్చి డాక్టరుని మార్చకండి, ఇంకో చోట ఇంకో ట్యూబు ఇస్తారు.

అత్తగారి లివర్ మాట నిజం కాదు. ఊళ్ళలో చాలామంది ఆ నమ్మకంతో లివర్ టానిక్కులు తాగుతుంటారు. మంగు రావడానికి లివర్ కారణం కాదు, టానిక్ తాగితే పోదు. నీరసం, బరువు పెరగడం, జుట్టు రాలడం లాంటివి కూడా ఉంటే థైరాయిడ్ పరీక్ష ఒకటి చేయించుకోండి, నెలసరి సరిగా లేదంటున్నారు కాబట్టి అది ఎలాగూ మంచిదే.

అసలు కారణాలకి వస్తే, మీ అమ్మగారికో అక్కచెల్లెళ్ళకో మంగు ఉందేమో గుర్తుచేసుకోండి, చాలా ఇళ్ళలో ఉంటుంది. ఇది వంశంలో నడిచే గుణం. ఆ గుణం ఉన్న చర్మంలో రంగు తయారుచేసే కణాలు ఊరికే రెచ్చిపోతాయి, వాటిని రెచ్చగొట్టేవి ముఖ్యంగా వెలుతురు, హార్మోన్లు, వేడి. మీకు మొదట రెచ్చగొట్టింది గర్భం. రెండోసారి నుదుటికి పాకిందని మీరు చెప్తున్న ఆ రెండేళ్ళూ, మాత్రలు మొదలుపెట్టిన రెండేళ్ళూ ఒకటే, గమనించారా? గర్భనిరోధక మాత్రల్లో ఉండే ఈస్ట్రోజన్ కొంతమందిలో మంగుని తెస్తుంది, ఉన్నదాన్ని ముదురుస్తుంది. అలాగని మాత్ర మీకు మీరు ఆపేయకండి, అది ఎందుకు రాశారో దానికో కారణం ఉంటుంది. రాసిన డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, మంగు పెరిగిందని చెప్పి, వేరే దారి ఉందేమో అడగండి. మాత్ర ఆపినంత మాత్రాన మచ్చ దానంతటది వెంటనే పోదు, కొందరిలో నెలల తరబడి ఉండిపోతుంది, కానీ మాత్ర సాగుతున్నంతకాలం మనం ముఖానికి చేసే పనిలో సగం వృథా అవుతుంది.

ఇక ఎండ, వేడి. మీ పని ఎలా ఉంటుందో నేను ఊహించి రాస్తున్నాను, తేడా ఉంటే మీరే సర్దుకోండి. తెల్లవారుజామున ఇడ్లీ పాత్ర మూత తీస్తే ఆవిరి సూటిగా ముఖానికి. ఆరున్నర నుంచి పది దాకా దోశ పెనం ముందు. సెంటర్ తూర్పు ముఖంగా ఉంటే ఆ టైములోనే ఏటవాలు ఎండ కూడా బుగ్గల మీదే. పదిన్నరకో పదకొండుకో కూరగాయలకి బండి మీద మార్కెట్టు, ముఖానికి చున్నీ. సాయంత్రం మళ్ళీ పునుగులు, బజ్జీల మూకుడు.

ఇందులో ఎక్కువ చెడు చేసేది వెలుతురే, వేడి దాని తర్వాత. అతినీలలోహిత కిరణాల గురించి అందరికీ తెలుసు. అంతగా తెలియనిది ఏమిటంటే, కంటికి కనబడే మామూలు వెలుతురు, ముఖ్యంగా అందులోని నీలి రంగు భాగం, మన రంగు చర్మంలో మంగుని బాగా ముదురుస్తుంది. మామూలు తెల్ల సన్‌స్క్రీన్, ఎస్‌పీఎఫ్ 50 అయినా సరే, దీన్ని పెద్దగా ఆపలేదు. ఆపేది ఐరన్ ఆక్సైడ్ కలిసిన సన్‌స్క్రీన్. గుర్తుపట్టడం తేలిక, అది తెల్లగా ఉండదు, చర్మం రంగులో ఉంటుంది, టింటెడ్ అని రాసి ఉంటుంది, వెనక పదార్థాల్లో ఐరన్ ఆక్సైడ్స్ అని కనబడుతుంది. మీకు కావాల్సింది అదే, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, 50 అయితే మరీ మంచిది. రంగు ఉంటుంది కాబట్టి మచ్చ కూడా కొంత కప్పుకుపోతుంది, కౌంటర్ దగ్గర నిలబడేవాళ్ళకి అది కూడా కలిసొచ్చేదే. కానీ ఇప్పుడు మండుతున్న ముఖానికి ఏదైనా సన్‌స్క్రీన్ మంట పుట్టించవచ్చు, చెవి ముందు భాగంలో కొంచెం రాసి రెండు రోజులు చూసి తర్వాత ముఖమంతా రాయండి.

ఎంత రాయాలనేదాని దగ్గరే అందరూ తప్పుతారు. చూపుడువేలు, మధ్యవేలు రెండిటి పొడవునా గీత పెట్టినంత క్రీము ముఖానికీ మెడకీ కావాలి. శనగగింజంత తీసి ముఖమంతా పామితే రాయనట్టే లెక్క. ఈ కొలతలో రోజుకి రెండుసార్లు రాస్తే 50 గ్రాముల ట్యూబు ఇంచుమించు నెలలోపే అయిపోవాలి, మీది మూడు నెలలు వస్తోందంటే మీరు రాయాల్సినంత రాయడం లేదు. డబ్బు ఖర్చవుతుంది, కాదనను, అందుకే పార్లర్ సిట్టింగులకి పెట్టే డబ్బు ఇటు పెట్టమంటున్నాను. మీకు సరిపడే వేళలు: పెనం ముందుకి వెళ్ళేముందు ఒకసారి, మార్కెట్టుకి బయల్దేరేముందు చెమట మెత్తగా అద్ది తుడుచుకుని ఇంకోసారి, సాయంత్రం ఎండ ఉండగానే షాపు తెరిస్తే మరోసారి. చున్నీ పలచటిది అయితే దానిలోంచి వెలుతురు వస్తుంది, ముదురు రంగు మందపాటి గుడ్డ కట్టుకోండి, కానీ గుడ్డ కట్టాను కదా అని క్రీము మానకండి. రుద్దడం కూడా రెచ్చగొట్టేదే, కాబట్టి చెమట తుడవడానికి గరుకు తువ్వాలు వద్దు, మెత్తటి నూలు గుడ్డతో అద్దండి.

వేడిని సన్‌స్క్రీన్ ఆపదు. మంగు ఉన్నచోట చర్మంలో రక్తనాళాలు మామూలు కంటే ఎక్కువగా ఉంటాయి, వేడికి అవి విచ్చుకుంటాయి, ముఖం ఎర్రబడుతుంది, ఆ ఎరుపు పదే పదే వస్తే రంగు కణాలు కూడా రెచ్చిపోతాయి. పొయ్యి ముందు గంటల తరబడి పనిచేసేవాళ్ళలో మంగు మొండిగా ఉండడానికి ఇదొక కారణం. పని మానేయమని నేను చెప్పను, చెప్పినా మీరు మానలేరు. మారగలిగినవి చెప్తాను. ఇడ్లీ పాత్ర మూత తీసేటప్పుడు ముఖం పక్కకి తిప్పి, మూతని మీకు అడ్డంగా పెట్టి అవతలి వైపు ఎత్తండి. పెనానికి ఎగువన ఎగ్జాస్ట్ ఫ్యాన్ లేకపోతే పెట్టించండి, ఉంటే జిడ్డు పట్టి తిరగడం మానేసిందేమో చూడండి, టిఫిన్ సెంటర్లలో సగం ఫ్యాన్లు అలాగే ఉంటాయి. పెడస్టల్ ఫ్యాన్ పొయ్యి అవతల పెడితే వేడిగాలి మీ ముఖానికే కొడుతుంది, పక్కనుంచి వచ్చేలా జరపండి. పెనం పనినీ కౌంటర్ పనినీ మీవారితో గంట గంటకి మార్చుకోగలిగితే అదే అన్నిటికంటే మేలు. అరగంటకోసారి చల్లటి నీళ్ళలో ముంచి పిండిన గుడ్డ రెండు నిమిషాలు బుగ్గల మీద పెట్టుకోండి, ఐసు ముక్క నేరుగా రుద్దకండి. పునుగుల మూకుడు కంటే దోశ పెనమే మిమ్మల్ని ఎక్కువసేపు కాలుస్తుంది, ముందు దాని సంగతి చూడండి. ఫోన్, టీవీ వెలుతురుకి మంగు వస్తుందని భయపెడుతుంటారు, అది ఎండ ముందు లెక్కలోకి రానంత తక్కువ, వదిలేయండి.

ముఖం మంట తగ్గాక మంగుకి మందు మొదలవుతుంది. మీలాంటి వాళ్ళకి నేనైతే అజెలాయిక్ యాసిడ్‌తో మొదలుపెట్టడానికి ఇష్టపడతాను, నెమ్మదిగా పనిచేస్తుంది, మొదట్లో కొంచెం చురుక్కుమంటుంది, కానీ చర్మాన్ని పలచబరచదు, ఎక్కువ కాలం వాడుకోవచ్చు. అది చాలకపోతే హైడ్రోక్వినోన్, స్టెరాయిడ్ లేకుండా, రాత్రిపూట, మచ్చ వరకే, రెండు మూడు నెలలకి మించకుండా, తర్వాత విరామం. దీన్ని ఏళ్ళ తరబడి రాస్తే కొందరిలో బుగ్గల మీద నీలం కలిసిన నల్లటి చుక్కలు వస్తాయి, అవి మంగు కంటే మొండివి, దాదాపు పోవు. మీరు ఏడాదిన్నర వాడారు కాబట్టి అలాంటి చుక్కలు మొదలయ్యాయా అని డాక్టరుని చూడమని ప్రత్యేకంగా అడగండి.

ట్రానెక్సమిక్ యాసిడ్ మాత్రలు కూడా ఉన్నాయి, ఈ మధ్య బాగా రాస్తున్నారు, పనిచేస్తాయి కూడా. సాధారణంగా 250 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, కొన్ని నెలలు. అయితే ఇవి గడ్డకట్టిన రక్తం త్వరగా కరగకుండా చేసే మందులు. మీరు వేసుకునే గర్భనిరోధక మాత్రలు అసలే రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని కొంచెం పెంచుతాయి, రెండూ కలిపి వేసుకోకూడదు. చర్మవైద్యులు నెలసరి మాత్రల గురించి అడగడం మరిచిపోవచ్చు, మీరే చెప్పండి. కాళ్ళలో రక్తం గడ్డకట్టడం, పక్షవాతం, గుండెపోటు, ఒకటికి మించి గర్భస్రావాలు, ఇవి మీకు గానీ ఇంట్లో దగ్గరివాళ్ళకి గానీ ఉంటే అవి కూడా చెప్పండి. మందుల షాపులో అడిగి కొనుక్కునే మాత్ర కాదిది.

లేజర్ ఎందుకు వద్దన్నానంటే, లేజర్ పనిచేసేదే వెలుతురుతో, చర్మంలో వేడి పుట్టించి. ఆ రెండూ మీ మంగుకి పడనివి. మన రంగు చర్మం మీద మొదటి రెండు సిట్టింగులకి తేలికపడినట్టు కనిపించి, కొన్ని నెలల్లో ముందుకంటే నల్లగా తిరిగి రావడం చాలా మామూలు. తక్కువ శక్తితో ఎక్కువసార్లు చేసే రకంలో కొందరికి తెల్లటి చిన్న చుక్కలు పడతాయి, వాటికి మందు చాలా కష్టం. అనుభవమున్న చర్మవైద్యులు కూడా పూతమందులు, మాత్రలు అన్నీ చూశాకే దాని జోలికి వెళ్తారు. పలచబడి మండుతున్న ముఖం మీద, పార్లర్‌లో, "పూర్తిగా పోతుంది" అన్న హామీతో అయితే అసలు వెళ్ళకండి. ఆ హామీ ఇచ్చేవాళ్ళని ఒక్కటే అడగండి, ఏడాది తర్వాత ఫోటో ఉందా అని. అందరూ చూపించేది ఆరో సిట్టింగు మర్నాటి ఫోటోనే.

ఎప్పటికైనా పోతుందా అన్నారు. కొందరిలో గర్భం తర్వాత, మాత్ర ఆపాక, దానంతటది పోతుంది. మీలా ఏళ్ళుగా ఉండి, రెండు చోట్లకీ పాకినది పూర్తిగా పోయి మళ్ళీ రాకుండా ఉండడం అరుదు. బాగా పలచబడి, దగ్గరికొచ్చి చూస్తే తప్ప తెలియని స్థితికి తేవడం మాత్రం చాలామందిలో సాధ్యమే. రంగు పైపొరలో ఉంటే త్వరగా తగ్గుతుంది, గోధుమరంగులో అంచు స్పష్టంగా ఉండేది ఎక్కువగా అలాంటిదే. బూడిద కలిసిన రంగులో అంచు తెలియకుండా ఉన్నది లోపొరలోకి దిగింది, అక్కడికి పూతమందులు సరిగా అందవు. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి.

నెలల లెక్కలో చెప్పాలంటే ఇలా ఉంటుంది. దసరా దాటాక మొదలుపెట్టారనుకోండి, దీపావళి, కార్తీకం అంతా ముఖం మంట తగ్గించడానికే సరిపోతుంది, మచ్చ తగ్గదు, ట్యూబు ఆపినందుకు కొంచెం ముదిరినా ముదరొచ్చు. డిసెంబరులో మంగుకి మందు మొదలైతే మొదటి నెల తేడా కనపడదు. సంక్రాంతి దాటి ఫిబ్రవరి వచ్చేసరికి, అంటే ఎనిమిది నుంచి పన్నెండు వారాలకి, అంచులు చెదిరి మచ్చ పలచబడడం మొదలవుతుంది. నుదురు కంటే బుగ్గలు ముందు తేలికపడవచ్చు, రెండూ ఒకేలా తగ్గాలని లేదు. ఏప్రిల్, మే నెలల్లో గుంటూరు ఎండకీ పెనానికీ మధ్య కొంత తిరిగొస్తుంది. మందు పనిచేయలేదని అప్పుడు అనుకోకండి, అంత ఎండలో ఉన్నది ఉన్నట్టు నిలిస్తే అదే మంచి ఫలితం. అలా రెండు మూడు చలికాలాలు గడిచాక గానీ మీ ముఖానికి ఎంతవరకు తగ్గుతుందో తేలదు. రాత్రి మందు ఆపినా, వారానికి రెండు మూడు రోజులకి తగ్గించినా, పగటి సన్‌స్క్రీన్ మాత్రం ఏళ్ళ తరబడి ఉండాల్సిందే.

రోజూ అద్దంలో చూసుకుంటే తేడా తెలియదు, ఒకరోజు బాగున్నట్టు ఒకరోజు పెరిగినట్టు అనిపించి టెన్షన్ వస్తుంది. నెలకోసారి, అదే కిటికీ దగ్గర, అదే టైముకి, పౌడర్ లేకుండా, ఫోన్‌లో బ్యూటీ ఫిల్టర్ ఆపేసి మూడు ఫోటోలు తీయండి, ఎదురుగా ఒకటి, రెండు బుగ్గలవీ చెరొకటి. డాక్టరుకి కూడా అవే చూపించండి.

ఇంకో మాట, మచ్చ ఒక్క బుగ్గ మీదే ఉన్నా, మెడ మీదకీ చంకల్లోకీ దళసరిగా నల్లబడుతున్నా, జుట్టుకి రంగు వేసిన తర్వాత నుదుటి అంచునా చెవుల దగ్గరా మొదలైనా అది మంగు కాకపోవచ్చు. మెడ దగ్గర దళసరి నలుపు ఎక్కువగా షుగర్, బరువు సమస్యల వైపు చూపిస్తుంది. జుట్టు రంగుకి పడక వచ్చే నలుపు, ఆ రంగు ఆపితే తప్ప ఏ మందుకీ లొంగదు. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ ట్యూబుతో పాటు నెలసరి మాత్రల షీటు, మీరు వాడే జుట్టు రంగు పాకెట్టు కూడా సంచిలో వేసుకెళ్ళండి.